టీ-స్క్వేర్, గ్రాండ్ క్రాస్: మొన గ్రహాన్ని పట్టుకుని జాతకం చదవడం ఎలా

రెండు గ్రహాలు ఎదురెదురుగా, అంటే సమసప్తకంలో ఉండి, మూడో గ్రహం ఆ రెండింటికీ 90 డిగ్రీల దూరంలో కూర్చుంటే దాన్ని పాశ్చాత్య జ్యోతిషంలో టీ-స్క్వేర్ అంటారు. మిగిలిన నాలుగో కొసలో కూడా ఇంకో గ్రహం చేరితే గ్రాండ్ క్రాస్ అవుతుంది. టీ-స్క్వేర్‌లో మధ్యలో పడ్డ ఆ మూడో గ్రహమే ఫోకల్ గ్రహం. నేను మొన గ్రహం అంటాను.

ఎదురెదురుగా ఉన్న రెండు గ్రహాలు చెరో వైపుకి లాగుతాయి. ఒకదాని మాట వింటే రెండోది ఊరుకోదు. ఆ లాగులాట ఎక్కడో ఒకచోట తేలాలి కదా, అది మొన గ్రహం దగ్గర తేలుతుంది. బోరు వేసినప్పుడు లోపలి ఒత్తిడంతా ఒక్క పైపు గుండా పైకి తన్నినట్టు, ఆ మనిషి పట్టుదల, ఆరాటం, ఊరికే కూర్చోలేనితనం అన్నీ ఆ ఒక్క గ్రహం గుండానే బయటికి వస్తాయి. అన్నీ త్రికోణాల్లో హాయిగా కుదిరిన జాతకంలో ఈ తోపుడు తక్కువ. అందుకే టీ-స్క్వేర్ కనిపించగానే "దోషం" అనడం నాకు నచ్చదు. ముందు దాన్ని చదవాలి.

కింద చెప్పేదంతా ఒకే ఒక్క జాతకం మీద నడుస్తుంది. మీరు కూడా ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో అదే చక్రం వేసుకుని పక్కన పెట్టుకోండి. కంప్యూటర్‌లో అయితే జగన్నాథ హోర లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. తేదీ 2014 ఆగస్టు 10, రాఖీ పున్నమి. సమయం రాత్రి 8 గంటలు. ఊరు నల్లగొండ. ఇది ఎవరి పిల్లవాడి జాతకమూ కాదు, పాఠం కోసం ఎంచుకున్న రోజు. ఆ రాత్రి ఆకాశంలో టీ-స్క్వేర్ చాలా గట్టిగా పడింది, అందుకే ఎంచుకున్నాను.

ముందు చక్రం సరిగ్గా వేయండి

ఊరి పేరు దగ్గర హైదరాబాద్ అని పెట్టేసి ముందుకు పోవద్దు. నల్లగొండ సుమారు 17°03' ఉత్తర అక్షాంశం, 79°16' తూర్పు రేఖాంశం. మహబూబ్‌నగర్ 16°44', 77°59'. ఈ రెండు ఊళ్ల స్థానిక కాలంలో తేడా 5 నిమిషాలు. ఐదు నిమిషాల్లో గ్రహాలు కదిలేది ఏమీ ఉండదు, కాబట్టి టీ-స్క్వేర్ ఏ ఊరు పెట్టినా అలాగే కనిపిస్తుంది. మారేది లగ్నం. లగ్నం రాశి చివర్లో ఉంటే ఐదు నిమిషాలకే భావాలన్నీ ఒక ఇల్లు జరుగుతాయి. అప్పుడు మొన గ్రహం ఏ భావంలో ఉందన్న మాటే తప్పిపోతుంది. మన ఉదాహరణలో ఆ భయం లేదు. కుంభ లగ్నం మధ్యలో పడుతుంది. పుట్టిన సమయం పావుగంట అటూ ఇటూ అయినా లగ్నం మారదు.

అయనాంశ లాహిరి పెట్టండి. నేను నిరయన పద్ధతిలోనే చదువుతాను. మన పంచాంగం, దశలు, గోచారం అన్నీ దాని మీదే నడుస్తాయి కాబట్టి. పాశ్చాత్యులు వాడేది సాయన పద్ధతి. రెండింటికీ ఉన్న తేడానే అయనాంశ, అది 2014లో సుమారు 24 డిగ్రీలు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. గ్రహాల మధ్య దూరం రెండు పద్ధతుల్లోనూ ఒకటే. అన్ని గ్రహాలూ ఒకేసారి 24 డిగ్రీలు వెనక్కి జరుగుతాయి గనుక టీ-స్క్వేర్ చెదరదు. రాశులు మాత్రం మారతాయి. ఈ జాతకంలో సాయనంలో శని వృశ్చికంలో ఉంటాడు, స్థిర రాశుల టీ-స్క్వేర్. నిరయనంలో శని తులలో ఉచ్చలో ఉంటాడు, చర రాశుల టీ-స్క్వేర్. సాయన పుస్తకంలో "స్థిర రాశుల వాళ్లు మొండివాళ్లు" అని చదివి దాన్ని తెచ్చి నిరయన చక్రానికి అతికిస్తే రెండూ చెడతాయి. ఏదో ఒక పద్ధతి పట్టుకోండి, చివరిదాకా దాంట్లోనే ఉండండి.

నలుచదరపు చక్రంలో శిలువను కంటితో పట్టడం

మన దక్షిణాది చక్రంలో ఇది చాలా సులువు. పై వరుస ఎడమ మూల మీనం. అక్కణ్నుంచి కుడివైపుకి మేషం, వృషభం, మిథునం, అట్లా చుట్టూ తిరుగుతాయి. నాలుగు మూలల్లో ఉండేవి ద్విస్వభావ రాశులు: మీనం, మిథునం, కన్య, ధనుస్సు. ప్రతి మూల తర్వాతి గడి చర రాశి: మేషం, కర్కాటకం, తుల, మకరం. ప్రతి మూలకు ముందు గడి స్థిర రాశి: వృషభం, సింహం, వృశ్చికం, కుంభం. ఒకే జాతి గడుల్లో మూడింట గ్రహాలుంటే టీ-స్క్వేర్ ఉండే అవకాశం ఉంది. నాలుగింటా ఉంటే గ్రాండ్ క్రాస్ కోసం చూడాలి.

మన ఉదాహరణలో చర రాశుల గడులు చూడండి. కర్కాటకంలో రవి, బుధ, గురు, శుక్రులు. తులలో శని, కుజుడు. మకరంలో చంద్రుడు. మేషం ఖాళీ. కంటికి టీ కనిపిస్తోంది. కానీ గడిలో ఉన్నంత మాత్రాన సరిపోదు, డిగ్రీలు చూడాలి.

డిగ్రీల లెక్క కూడా పెద్ద కష్టం కాదు. ఒకే జాతి రాశుల్లో ఉన్న గ్రహాలకు, రాశిలోని డిగ్రీల తేడా చూస్తే చాలు. రవి కర్కాటకంలో దాదాపు 24 డిగ్రీలు. చంద్రుడు మకరంలో దాదాపు 22. శని తులలో 23. అంటే రవిచంద్రుల సమసప్తకం రెండు డిగ్రీల తేడాతో, శని ఇద్దరికీ ఒక్కో డిగ్రీ తేడాతో స్క్వేర్. ఇంతకంటే గట్టి టీ-స్క్వేర్ అరుదు.

నేను మామూలు గ్రహాలకు 6 డిగ్రీలు, రవి గానీ చంద్రుడు గానీ ఉన్నప్పుడు 8 డిగ్రీలు హద్దు పెట్టుకుంటాను. కొందరు 10 దాకా పోతారు. అంత దూరం పోతే ఊళ్లో ప్రతి రెండో జాతకంలో టీ-స్క్వేర్ దొరుకుతుంది, అప్పుడు ఆ మాటకి విలువ ఉండదు. ఈ లెక్కన గురుడు 11 డిగ్రీల్లోనూ, శుక్రుడు 4 డిగ్రీల్లోనూ కర్కాటకంలోనే ఉన్నా ఈ ఆకృతిలో లేరు. కుజుడు తులలో 15 డిగ్రీల్లో ఉన్నాడు. చంద్రుడికి 7, రవికి 9 డిగ్రీల తేడా. నేను అతన్ని మొనలో చేర్చను, కానీ శని పక్కనే ఉన్నాడని మనసులో పెట్టుకుంటాను. బుధుడు 26 డిగ్రీల్లో రవిని ఆనుకుని ఉన్నాడు గనుక రవి కొసలో భాగమే.

రాశి అంచుల దగ్గర ఒక చిక్కు ఉంది. ఒక గ్రహం మేషంలో 28 డిగ్రీల్లో, ఇంకోటి సింహంలో 2 డిగ్రీల్లో ఉంటే మధ్య దూరం 94 డిగ్రీలు. స్క్వేరే, కానీ ఒకటి చర రాశి, ఇంకోటి స్థిర రాశి. అట్లాంటిది ఉన్నా పట్టు పలుచగా ఉంటుంది.

మొన గ్రహాన్ని చదవడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఇటు నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఇట్లాంటి జాతకం తీసుకుని వచ్చే తల్లిదండ్రులు అడిగే మొదటి మాట దాదాపు ఒక్కటే ఉంటుంది: "సార్, చంద్రుణ్ని శని పట్టిండట, మా పోరనికి ఏమన్నా గండమున్నదా?" ఆ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పకండి. "అమ్మా, ముందు పిల్లవాడు ఎట్లుంటడో చెప్పు" అని వాళ్లచేత మాట్లాడించండి. వాళ్లు చెప్పేలోపు మీరు నాలుగు సంగతులు వరసగా చూసుకోండి.

మొదటిది, రెండు కొసలు ఏమడుగుతున్నాయి? కుంభ లగ్నానికి కర్కాటకం ఆరో ఇల్లు, మకరం పన్నెండో ఇల్లు. రవి ఆరులో ఉన్నాడు. రోజూ చేసే పని, పోటీ, క్రమశిక్షణ, ఎవరితోనైనా గెలిచి నిలబడటం అడుగుతాడు. బుధుడు తోడున్నాడు గనుక అది చదువు రూపంలో, మార్కుల రూపంలో వస్తుంది. చంద్రుడు పన్నెండులో ఉన్నాడు. ఒంటరితనం, నిద్ర, ఎవరూ చూడని చోటు కావాలంటాడు. ఒక కొస బయటికి వచ్చి పోటీపడమంటుంది, ఇంకో కొస తలుపు వేసుకుని ఉండమంటుంది. ఇది ఆ పిల్లవాడు రోజూ మోసే గుంజులాట. దీన్ని ఒక వాక్యంలో కాగితం మీద రాయండి. అది రాయలేకపోతే మొన గ్రహం దగ్గరికి వెళ్లకండి, ఎందుకంటే అది దేన్ని మోస్తోందో మీకింకా తెలియదు.

రెండోది, మొన గ్రహం ఏది, అది ఏ భావంలో ఉంది? ఇక్కడ శని. తొమ్మిదో ఇంట్లో. తొమ్మిది అంటే తండ్రి, గురువు, పెద్దల మాట, పెద్ద చదువు, నమ్మకం. రవిచంద్రుల గుంజులాట అంతా వచ్చి గురువు ముందు, తండ్రి ముందు తేలుతుంది. శని బాధ్యత, ఆలస్యం, తప్పు చేస్తానేమోనన్న భయం. అంటే పిల్లవాడిని తోసేది "నేను సరిపోతానా అని పెద్దవాళ్లు చూస్తున్నారు" అన్న భావం. శని లగ్నాధిపతి కూడా, పైగా ఉచ్చలో ఉన్నాడు. కాబట్టి ఈ బరువు పిల్లవాడిది కానిది ఎవరో మీద పడేసినట్టు ఉండదు. తన స్వభావంలోనే ఉంటుంది, మోయగలిగే బలమూ ఉంటుంది.

మూడోది, మొన గ్రహం ఉన్న రాశి అధిపతి ఎక్కడున్నాడు? ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. మొన గ్రహం దగ్గర పోగైన శక్తి ఎటు పోతుందో చెప్పేది ఇతనే. తులకు అధిపతి శుక్రుడు, కర్కాటకంలో ఆరో ఇంట్లో ఉన్నాడు. కర్కాటకానికి అధిపతి చంద్రుడు, మకరంలో ఉన్నాడు. మకరానికి అధిపతి శని, తులలో ఉన్నాడు. చూడండి, శని నుంచి శుక్రుడు, శుక్రుడి నుంచి చంద్రుడు, చంద్రుడి నుంచి మళ్లీ శని. చుట్టు పూర్తయింది. ఇట్లా గుండ్రంగా మూసుకున్న టీ-స్క్వేర్‌కి బయటి నుంచి తోపుడు అక్కర్లేదు, దానంతటదే తిరుగుతూ ఉంటుంది. దానివల్లే కష్టం కూడా ఉంటుంది. ఆపమంటే ఆగదు. హోంవర్క్ అయిపోయినా చెరిపి మళ్లీ రాసే పిల్లవాడు, రాత్రి పడుకున్నాక కూడా రేపటి పరీక్ష గురించి తిప్పితిప్పి ఆలోచించే పిల్లవాడు ఇట్లాంటి చుట్టులో ఉంటాడు.

నాలుగోది, మొన గ్రహాన్ని ఎవరైనా ఆదుకుంటున్నారా? గురుడు కర్కాటకంలో ఉచ్చలో ఉండి ఏడో చూపుతో మకరంలోని చంద్రుణ్ని చూస్తున్నాడు. టీ-స్క్వేర్‌లో అతను లేడు, కానీ దాని ఒక కొసను మెత్తబరుస్తున్నాడు. ఇంట్లో ఈ పిల్లవాడి మనసుకి ఊరట ఇచ్చే పెద్దమనిషి ఒకరు ఉంటారు, తాతయ్యో నానమ్మో ఎవరో. అట్లాంటి మనిషి ఎవరని తల్లిదండ్రుల్ని అడగండి. ఉంటే ఆ మనిషి దగ్గర పిల్లవాణ్ని ఎక్కువసేపు ఉంచమనండి.

మన పరాశర పద్ధతి చూపులతో దీన్ని పోల్చి చూడటం మంచిది. శని పదో చూపు తుల నుంచి కర్కాటకం మీద, అంటే రవి మీద పడుతుంది. చంద్రుడి మీద శని చూపు పడదు, శనికి నాలుగో చూపు లేదు. మకరం మీద పడేది కుజుడి నాలుగో చూపు. అంటే మన శాస్త్రం ప్రకారం కూడా తుల నుంచి రెండు కొసలకీ ఒత్తిడి ఉంది, కాకపోతే శని, కుజుడు చెరొకటి పంచుకున్నారు. ఇందాక కుజుణ్ని మనసులో పెట్టుకోమన్నది ఇందుకే. చంద్రుడి వైపు వచ్చే అలజడిలో శని బెంగతో పాటు కుజుడి చిరాకు కూడా ఉంటుంది. పిల్లవాడు ఏడ్చే ముందు కోపం చూపిస్తాడా అని అడిగితే ఈ తేడా తెలుస్తుంది.

మొన గ్రహం ఎక్కువైందా, మూతపడిందా

ఒకే శని ఇద్దరిలో రెండు రకాలుగా కనిపిస్తాడు. ఒకడు మొన గ్రహాన్ని అతిగా వాడతాడు: అవసరం లేని చోట కూడా శ్రమ, నియమం, తనను తాను తిట్టుకోవడం. ఇంకొకడు దాన్ని పూర్తిగా తప్పించుకుంటాడు: పరీక్ష అంటే కడుపు నొప్పి, టీచర్ పిలిస్తే వెనక బెంచీ, మొదలుపెట్టమంటే "రేపు" అనడం. రెండోవాణ్ని చూసి "ఈ జాతకంలో శని బలహీనుడు" అనుకుంటే పొరపాటు. ఒత్తిడి అదే. ఒకచోట బయటికి తన్నింది, ఇంకోచోట మూత కింద ఉంది. చక్రం చూసి ఏది జరుగుతోందో చెప్పలేరు. మనిషిని అడగాలి. జాతకం హద్దు అక్కడ ఉంది, దాన్ని దాటి ఊహతో చెప్పేయడం వల్లే తల్లిదండ్రులు ఇంటికి వెళ్లి పిల్లవాణ్ని కొత్త కళ్లతో అనుమానంగా చూస్తారు.

పిల్లవాడికి నెలల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, బడికి పోనని మొండికేయడం ఉంటే చక్రం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పంపండి. శని తొమ్మిదిలో ఉన్నాడని దానికి కారణం చెప్పుకుంటూ రోజులు గడపకూడదు.

ఖాళీ కొస

మొన గ్రహానికి ఎదురుగా గ్రహం లేని చోటు ఒకటి మిగులుతుంది. ఇక్కడ మేషంలో 23 డిగ్రీలు, మూడో ఇల్లు. టీ-స్క్వేర్‌కి నాలుగో కాలు లేదు గనుక ఒత్తిడంతా శని మీదే పడుతోంది. ఆ ఖాళీ ఇంటి పనులు కావాలని చేస్తే బరువు కొంత అటు మళ్లుతుంది. మూడో ఇల్లు అంటే ధైర్యం, చేతులతో చేసే పని, రాయడం, మాట్లాడటం, తమ్ముళ్లు చెల్లెళ్లు, దగ్గరి ప్రయాణాలు. శని ఏడో చూపు కూడా సూటిగా ఈ మేషం మీదే పడుతుంది, కాబట్టి ఆ పనులు చేయబోతే శని నుంచి తొలుత ప్రతిఘటన ఉంటుంది. "నాకు రాదు" అంటాడు. అయినా మొదలుపెట్టించాలి.

నేనైతే ఈ పిల్లవాడి తల్లితో ఇట్లా అంటాను. "అక్కా, ట్యూషన్ ఇంకోటి పెట్టకండి. వానికి తొమ్మిదో ఇంట్ల శని ఉండనే ఉన్నడు, ఇంకో గురువును తెచ్చి మీద కూసోబెట్టకండి. తమ్ముడుంటే వానికి లెక్కలు చెప్పమనండి. మార్కుల్లేని పని ఏదన్న చేతికియ్యండి, డప్పు కానీ, బొమ్మలు చేసుడు కానీ. సైకిల్ మీద చెరువు కట్ట దాకా పోయి రమ్మనండి." పూజలు చేయించుకుంటామంటే వద్దనను. చెర్వుగట్టు గుడికి పోయి వస్తామంటే మంచిదే అంటాను. కానీ ఖాళీ ఇంటి పనిని పూజ భర్తీ చేయదు. అది పిల్లవాడి చేతులే చేయాలి.

ఎప్పుడు కదులుతుంది, చదివింది తప్పో ఒప్పో ఎట్లా తెలుస్తుంది

ముందుకు చెప్పే ముందు వెనక్కి చూడండి. మొన గ్రహం మీదికి గానీ కొసల మీదికి గానీ గోచార శని వచ్చిన కాలం వెతకండి. ఈ జాతకంలో 2022 ఫిబ్రవరి ఒక్క నెలలోనే గోచార శని మకరంలో చంద్రుణ్ని దాటాడు, పుట్టిన శనికి స్క్వేర్‌లో వచ్చాడు, రవికి ఎదురుగా నిలిచాడు. మూడు కొసలూ ఒకే నెలలో తగిలాయి. ఆ నెలలో బడి, టీచర్, తండ్రి చుట్టూ ఏమైనా జరిగిందా అని అడగండి.

ఇక్కడ జాగ్రత్త అవసరం. 2022 ఫిబ్రవరి 1న తెలంగాణలో కరోనా సెలవుల తర్వాత బడులు మళ్లీ తెరిచారు. ఆ నెలలో రాష్ట్రంలో ప్రతి పిల్లవాడికీ బడి గురించి ఏదో ఒకటి జరిగింది. "అవును సార్, అప్పుడే బడికి పోనని ఏడ్చిండు" అని తల్లి చెప్పగానే మీ చదువు రుజువైపోయినట్టు కాదు. అక్కకూ, పక్కింటి పిల్లవాడికీ లేనిది ఈ పిల్లవాడికి ఏం జరిగిందో అడగండి. ప్రత్యేకంగా ఏమీ దొరకకపోతే, పుట్టిన సమయాన్ని మళ్లీ ఆసుపత్రి కాగితంలో సరిచూడండి. లగ్నం మారి భావాలు తప్పి ఉండొచ్చు. సమయం సరైనదే అయినా గతం ఏదీ కలవకపోతే ఆ జాతకంలో ఈ టీ-స్క్వేర్ మీద పెద్ద మాటలు చెప్పకండి.

గతం కలిస్తే అప్పుడు ముందుకు. చంద్రుడు శ్రవణంలో ఉన్నాడు, చంద్ర దశ మిగిలింది సుమారు ఏడాదింపావు. తర్వాత కుజ దశ ఏడేళ్లు, 2022 చివర్నుంచి రాహు దశ. రాహు దశలో శని అంతర్దశ సుమారు 2028 మొదట్నుంచి 2030 చివరి దాకా. అదే కాలంలో, 2029 మే ప్రాంతంలో, గోచార శని మేషంలో 23వ డిగ్రీకి, అంటే ఖాళీ కొసకి వస్తాడు. దశ, గోచారం రెండూ ఒకే గ్రహాన్ని చూపిస్తున్నాయి. నేను ఒక కాలాన్ని గట్టిగా చెప్పాలంటే ఇట్లా రెండూ కలవాలి. అప్పటికి పిల్లవాడికి పద్నాలుగు దాటి పదిహేనో ఏడు నడుస్తుంటుంది, పదో తరగతి వాకిట్లో ఉంటాడు. పరీక్ష పాసవుతాడా, ఎన్ని మార్కులు అన్నది ఈ ఆకృతి చెప్పదు. గురువు, తండ్రి, పెద్ద చదువు గురించిన నిర్ణయం తనమీద బరువుగా పడే కాలం అని మాత్రమే చెబుతుంది. హాస్టల్‌లో వేసే ఆలోచన ఉంటే ఆ ఏడాది హడావిడిగా వేయకుండా ముందు ఏడాదే మాట్లాడుకోమంటాను.

ఏలినాటి శనితో దీన్ని కలిపి భయపెట్టేవాళ్లు ఉంటారు. మకర రాశికి ఏలినాటి శని 2025 మార్చి 29న శని మీనంలోకి మారడంతో అయిపోయింది. 2029లో జరిగేది అది కాదు.

గ్రాండ్ క్రాస్‌లో మొన ఎక్కడ?

ఖాళీ కొసలో గ్రహం ఉంటే నాలుగు కాళ్లూ నిండి గ్రాండ్ క్రాస్ అవుతుంది. అప్పుడు మొన లేదు. శక్తి టీ-స్క్వేర్ కంటే ఎక్కువే ఉంటుంది, కానీ ఒక దారి లేదు. నాలుగు వైపులా పరుగెత్తి ఏదీ ముగించని మనుషులు ఎక్కువగా ఇక్కడే కనిపిస్తారు. కాబట్టి చదివేవాళ్లే ఒక గ్రహాన్ని ఎంచుకోవాలి.

2014 ఏప్రిల్ 23 చక్రం వేసి చూడండి. ఆ రోజుల్లో ఆకాశంలో గ్రాండ్ క్రాస్ దాదాపు కచ్చితంగా పడింది. నిరయనంలో గురుడు మిథునంలో, కుజుడు కన్యలో వక్రంగా, ప్లూటో ధనుస్సులో, యురేనస్ మీనంలో, నలుగురూ 19వ డిగ్రీ దగ్గర. మన చక్రంలో నాలుగు మూలలూ నిండుతాయి. పాశ్చాత్యులు ఇదే రోజును చర రాశుల గ్రాండ్ క్రాస్ అన్నారు, సాయనంలో అందరూ 13 డిగ్రీల దగ్గర ఉన్నారు గనుక.

యురేనస్, ప్లూటోల స్క్వేర్ 2012 నుంచి 2015 దాకా ఏడుసార్లు కచ్చితంగా పడింది. అంటే ఆ ఏళ్లలో పుట్టిన పిల్లలందరి జాతకాల్లోనూ అది ఉంటుంది. అది ఒక తరానిది, మీ ముందున్న పిల్లవాడిది కాదు. అందుకే నెమ్మది గ్రహాలను పక్కన పెట్టి ముందు వేగమైన గ్రహాన్ని చూడండి. ఇక్కడ కుజుడు. తర్వాత నలుగురిలో ఎవరు లగ్నానికో దశమానికో దగ్గరగా ఉన్నారో చూడండి. కన్య లగ్నంలో పుట్టిన బిడ్డకు కుజుడే లగ్నంలో ఉంటాడు, ఇక సందేహం లేదు. మీన లగ్నమైతే యురేనస్ లగ్నంలో ఉంటాడు, అయినా గురుడు లగ్నాధిపతి గనుక నేను గురుణ్నే ముందు చదువుతాను. ఇది నా పద్ధతి. వేరేవాళ్లు డిగ్రీల్లో అతి గట్టిగా ఉన్న స్క్వేర్‌ని పట్టుకుంటారు. నలుగురూ ఒకే డిగ్రీలో ఉన్నప్పుడు ఆ దారి పనిచేయదు.

ఎంచుకున్న గ్రహాన్ని పైన శనిని చదివినట్టే చదవండి: అటూ ఇటూ రెండు కొసలు, భావం, రాశ్యధిపతి, ఆదుకునేవాళ్లు. ఎదుటి కొసలో ఉన్న గ్రహాన్ని ఖాళీ ఇంటికి బదులుగా తీసుకోండి. కన్యలోని కుజుడికి ఎదుటి కొస మీనంలో యురేనస్. అక్కడ ఖాళీ ఇంట్లో లాగా పని నెమ్మదిగా కుదురుకోదు, ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగుతుంది. కాబట్టి అట్లాంటి పిల్లలకు ఒకేసారి రెండు మూడు పనులు అప్పగించకుండా, ఒకటి పూర్తయ్యాకే రెండోది ఇమ్మని చెప్పండి. గ్రాండ్ క్రాస్‌లో మొన దశతో పాటు మారుతుంది కూడా. నలుగురిలో ఎవరి మహాదశ నడుస్తుంటే ఆ కాలానికి అతన్నే మొనగా పట్టుకోండి. యురేనస్, ప్లూటోలకు దశలు లేవు గనుక ఈ చక్రంలో ఆ లెక్క కుజ దశ, గురు దశలకే వర్తిస్తుంది. మిగతా దశల్లో ముందు ఎంచుకున్న గ్రహమే మొన. ఆ దశలు మొదలయ్యే తేదీలు చక్రం కింద రాసి పెట్టుకుంటే, అదే మనిషి కొన్నేళ్ల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.